మొదటి మందు ఒంట్లో ఉండగానే



ఈ వేళ కుక్కలకు వాడే నొప్పి మందుల గురించి మాట్లాడదామని వచ్చాను. అందులోనూ ఒక్క విషయమే ముఖ్యంగా చెప్పాలి. ఒక నొప్పి మందు ఒంట్లో ఉండగానే ఇంకొకటి పడితే కుక్క కడుపులోనూ కిడ్నీల్లోనూ ఏం జరుగుతుందన్నది. ఈ ప్రమాదం ఎక్కువగా కుక్కను ప్రేమగా చూసుకునే ఇళ్ళలోనే జరుగుతుంది. అది కుంటుతుంటే చూడలేక మనం చేసే పనే దాని ప్రాణం మీదికి తెస్తుంది.

పాలకొల్లు వైపు ఒక ఇల్లు అనుకుందాం. ఇది ఫలానా వారి కుక్క కథ కాదండి. ఇలాంటి కేసుల్లో మామూలుగా జరిగేదాన్ని ఒక వరుసలో పెట్టి చెబుతున్నాను. 9 ఏళ్ళ లాబ్రడార్, బరువు 30 కిలోలు. ఎండాకాలం, రోహిణి కార్తె. వెనక కాలు కీలు అరిగి కొన్నాళ్ళుగా కుంటుతోంది. సోమవారం పొద్దున పశువుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన మెలాక్సికామ్ ఇంజెక్షన్ చేశారు. కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాముల లెక్కన 30 కిలోలకు 6 మిల్లీగ్రాములు. రేపటి నుంచి అందులో సగం, అంటే రోజుకు 3 మిల్లీగ్రాములు, నోటి మందుగా వేయమని రాసిచ్చారు. సరైన మందు, సరైన మోతాదు.

మంగళవారానికి కుంటడం తగ్గలేదు. ఇంట్లో తాతగారి మోకాళ్ళ నొప్పులకు వాడే మాత్రలు ఉన్నాయి. ఒక్కో మాత్రలో ఐబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు. మనుషులు వేసుకునేదే కదా అని ఆ రాత్రి ఒకటి పెరుగన్నంలో కలిపి పెట్టారు. బుధ, గురువారాల్లో ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. శుక్రవారం ఊళ్ళో సూదులు వేసే ఒకాయనను పిలిస్తే వాపు తగ్గడానికని డెక్సామెథసోన్ వేశారు. అది స్టెరాయిడ్. శనివారం కుక్క లేచి తిరిగింది, తోక ఊపింది, అన్నం తింది. ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం తిండి ముట్టలేదు. మధ్యాహ్నం వాంతి చేసుకుంది. అందులో కాఫీ పొడి కలిపినట్టు గోధుమరంగు నలకలు. సోమవారం విరేచనం నల్లగా, జిగటగా, తారులా, ఘాటైన కంపుతో పడింది. పైపెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. గిన్నెలు గిన్నెలు నీళ్ళు తాగుతోంది, కాసేపటికే కక్కేస్తోంది. కుక్క ఎండదెబ్బ తిందనుకున్నారు ఇంట్లోవాళ్ళు.

ఆ వారం రోజుల్లో లోపల జరిగింది ఇది. నొప్పి, వాపు తగ్గించే ఈ మాత్రలన్నీ శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని ఆపుతాయి. నొప్పిని పెంచేవి అవే కాబట్టి నొప్పి తగ్గుతుంది. అయితే కడుపు గోడ మీద జిగురు పొరను నిలబెట్టేవీ, ఆ గోడకు రక్తం సరిగా అందేట్టు చూసేవీ, పాడైన కణాల చోట కొత్తవి పుట్టించేవీ కూడా అవే. అవి తగ్గిపోతే కడుపులోని ఆమ్లం నేరుగా గోడను కాలుస్తుంది. కుక్కల్లో ఈ పుండ్లు ఎక్కువగా జీర్ణాశయం చివర, పేగు మొదలయ్యే చోట పడతాయి. అక్కడ కారిన రక్తం పేగుల్లో జీర్ణమై నల్లగా మారి బయటికి వస్తుంది కాబట్టి విరేచనంలో ఎరుపు కనబడదు. నలుపు చూసి రక్తం కాదులే అనుకోవడం ప్రమాదం. ఇంకో మాట. పుండు గోడంతా తొలిచి చిల్లు పడేదాకా ఏ గుర్తూ చూపించని కుక్కలూ ఉంటాయి. చిల్లు పడితే పొట్ట బిగుసుకుపోతుంది, కుక్క ముందుకాళ్ళు చాపి వెనక భాగం పైకెత్తి వంగి నిలబడుతుంది. అప్పుడిక ఆపరేషన్ తప్ప దారి లేదు.

కిడ్నీల సంగతి వేరు. ఒంట్లో నీరు బాగా ఉండి, రక్తపోటు సరిగ్గా ఉన్న కుక్కకు కిడ్నీల్లో ప్రోస్టాగ్లాండిన్ల అవసరం పెద్దగా ఉండదు. నీరు తగ్గినప్పుడే వాటితో పని పడుతుంది. మన కాలవల సంగతి మీకు తెలియనిది కాదు. గోదావరి నిండుగా ఉన్నప్పుడు లాకుల దగ్గర లస్కరు ఉన్నా లేకపోయినా శివారు చేలకు నీరు చేరుతుంది. ఎద్దడి వచ్చినప్పుడు తలుపులు ఎత్తి దించి ఉన్న నీటినే చివరిదాకా పంపేవాడు ఆ లస్కరే. కిడ్నీకి రక్తం తెచ్చే సన్నటి నాళం తలుపు తెరిచి పట్టుకునేది ప్రోస్టాగ్లాండిన్లు. ఎండకు రొప్పి, వాంతులతో నీరు పోగొట్టుకుని, కడుపులో రక్తం కారుతున్న కుక్కకు నొప్పి మాత్ర వేశామంటే, ఎద్దడి రోజున లస్కరును పనిలోంచి తీసేసినట్టే. ఆ నాళం ముడుచుకుంటుంది. లోపలి కణాలు రక్తం అందక చచ్చిపోతాయి. మన లాబ్రడార్‌కు ఆదివారం నాటి వాంతులతో ఈ రెండో దెబ్బ మొదలైంది.

ఇప్పుడు మనుషుల మందుల సంగతి చూద్దాం. తాతగారికి పడిన మాత్ర కుక్కకెందుకు పడలేదు? ఒక కారణం బరువు. 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్‌ను 30 కిలోలకు పంచితే కిలోకు 13 దాటుతుంది, రోజుకు రెండు మాత్రలంటే 26 పైచిలుకు. కుక్కలకు నెల రోజుల పాటు రోజుకు కిలోకు 8 నుంచి 16 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన ప్రయోగాల్లోనే కడుపులో పుండ్లు పడ్డాయి. అదే మాత్రను 5 కిలోల పొమేరియన్ మింగితే కిలోకు 80 అవుతుంది. అట్టలో మూడు మాత్రలు నమిలిందంటే కిలోకు 240. ఒకేసారి కిలోకు 175 దాటితే కిడ్నీలు దెబ్బతింటాయని వైద్యశాస్త్రం చెబుతోంది. చక్కెర పూత ఉన్న మాత్రల అట్టను కుక్కపిల్ల నమిలేయడానికి ఎంతసేపో పట్టదు. మెలాక్సికామ్ కూడా అంతే. మనుషులకు వచ్చే మాత్ర 7.5 లేదా 15 మిల్లీగ్రాములు. 5 కిలోల కుక్కకు రోజువారీ మోతాదు అర మిల్లీగ్రాము. పేరు ఒకటే కదా అని 15 మాత్ర వేస్తే 30 రోజుల మందు ఒక్క పూటలో పడ్డట్టు.

రెండో కారణం ఇంకా పెద్దది. కుక్క శరీరం ఈ మందుల్ని మనలా వదిలించుకోదు. చాలా మాత్రలు దాని కాలేయం నుంచి పైత్యరసంతో పేగులోకి వస్తాయి, పేగు నుంచి మళ్ళీ రక్తంలోకి పోతాయి. అలా తిరుగుతూ పోయిన ప్రతిసారీ పేగు గోడను తగలబెడతాయి. నాప్రాక్సెన్ అనే మాత్ర సంగతి వినండి. మనిషి రక్తంలో దాని పాళ్ళు సగానికి తగ్గడానికి 12 నుంచి 17 గంటలు పడుతుంది. కుక్కలో దాదాపు 74 గంటలు, అంటే మూడు రోజులు. మనిషికి చెప్పినట్టు పూటకొకటి కుక్కకు వేస్తే మొదటిది సగం కూడా పోకముందే ఆరో మాత్ర పడుతుంది. కిలోకు 5 మిల్లీగ్రాములు పడ్డా కుక్క కడుపు పుండు పడగలదు.

నొప్పికి పూసే జెల్లు కూడా గుర్తుంచుకోండి. మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ రాసుకుని అరుగు మీద కూర్చుంటే కుక్క వచ్చి ఆ మోకాలు నాకుతుంది. కుక్క కాలికే రాసేవాళ్ళూ ఉన్నారు. అది అంతా నాకేసి కడుపులోకి దింపుకుంటుంది.

ఇక మందుకూ మందుకూ మధ్య ఎడం సంగతి. నా ప్రసంగానికి ప్రాణం ఇదే, కాబట్టి నెమ్మదిగా చెబుతాను. కుక్క రక్తంలో మెలాక్సికామ్ సగానికి తగ్గడానికి సుమారు 24 గంటలు పడుతుంది. సోమవారం 6 మిల్లీగ్రాములు పడ్డాయి. ఆపైన ఒక్క చుక్క కూడా వేయకపోయినా మంగళవారం పొద్దుటికి 3 మిగులుతాయి. బుధవారానికి ఒకటిన్నర, గురువారానికి ముప్పావు. శుక్రవారానికి అందులో సగం, శనివారానికి ఇంకా సగం. అలా ఐదు సార్లు సగమైతే నూటికి మూడు పాళ్ళే మిగిలాయన్నమాట, అప్పుడు పోయినట్టు లెక్క. అంటే మంగళవారం రాత్రి ఐబుప్రొఫెన్ పెట్టినప్పుడు మెలాక్సికామ్ మూడో వంతుకు పైగా ఒంట్లోనే ఉంది. రెండూ చేసే పని ఒకటే. నొప్పి రెండింతలు తగ్గదు, కడుపుకు తగిలే దెబ్బ మాత్రం రెండింతలూ దాటుతుంది.

అందుకే ఒక నొప్పి మందు నుంచి ఇంకోదానికి మారేటప్పుడు పశువైద్యులు మామూలుగా 5 నుంచి 7 రోజులు ఖాళీ వదులుతారు. మందు ఒంట్లోంచి పోవడానికి పట్టే కాలం అందులో ఒక భాగం. అప్పటికే గోడ మీద చిన్న చిన్న గాట్లు పడి ఉంటే అవి మానడానికి పట్టే కాలం ఇంకో భాగం. పుండు మానడానికి కూడా ప్రోస్టాగ్లాండిన్లే కావాలి మరి. నిజం చెప్పాలంటే ఈ 5, 7 అన్నవి ప్రతి జత మందులకూ పరీక్ష చేసి తేల్చిన అంకెలు కావు. మందు ఎంతసేపు ఉంటుందో చూసి, అనుభవం కలిపి వైద్యులు ఒప్పుకున్న ఎడం అది. అందుకని మొదటి మందు పడక వాంతులు మొదలైన కుక్కకు 7 రోజులు అయిపోయాయి కదా అని కొత్త మాత్ర వేయకూడదు. కడుపు పూర్తిగా మానిందని డాక్టరు చెప్పాకే వేయాలి. ఆస్పిరిన్ అయితే వారం నుంచి 10 రోజులు. అది రక్తంలో త్వరగా కరిగిపోయినట్టు కనబడినా, రక్తం గడ్డకట్టించే కణాల మీద అది చేసిన పని ఆ కణాలు చచ్చి కొత్తవి పుట్టేదాకా పోదు.

స్టెరాయిడ్ విషయంలో మాత్రం నాకు రాజీ లేదు. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ ఒంట్లో ఉండగా నొప్పి మాత్ర వేయడం, మాత్ర ఒంట్లో ఉండగా స్టెరాయిడ్ సూది వేయడం, రెండూ తప్పే. కడుపుకు చిల్లు పడ్డ కుక్కల్లో ఈ జోడీ పడ్డవి తరచుగా కనబడతాయి. పైగా స్టెరాయిడ్ ఆకలి పెంచుతుంది, హుషారు తెస్తుంది. శనివారం మన లాబ్రడార్ తోక ఊపిందంటే కారణం అదే. లోపల గోడ కరుగుతున్న రోజునే ఇంట్లోవాళ్ళకు అది బాగుపడ్డట్టు కనబడింది. మామూలు స్టెరాయిడ్ ఆపాక కనీసం వారం ఆగాలి. వారాల పాటు పనిచేసే డిపో ఇంజెక్షన్ వేసి ఉంటే కొన్ని వారాలు ఆగాలి. ఒక కుక్కకు నాలుగు చోట్ల సూది వేయిస్తే ఎవరు ఏం వేశారో ఎవరికీ తెలియదు. అందుకే ఏ సూది వేయించినా ఆ సీసా పేరు అడిగి రాసుకోవాలి.

మన డెల్టాలో ఇంకో సంగతి ఉంది. జ్వరంతో కుంటే కుక్కలన్నిటికీ కీళ్ళు అరిగి ఉండవు. ఇక్కడ పిడుదులు ఎక్కువ. అవి కుట్టి అంటించే ఎర్లీకియా జ్వరంలో కుక్కకు కీళ్ళు నొప్పి పుడతాయి, కుంటుతుంది, తిండి మానేస్తుంది. ఆ జబ్బులో రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అలాంటి కుక్క కడుపులో మాత్రతో చిన్న పుండు పడ్డా రక్తం ఆగదు. వానలు, వరదలు వచ్చాక చేలల్లో, చెరువు గట్ల మీద ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరా సోకుతుంది. అది నేరుగా కిడ్నీల మీదికే వస్తుంది. ఆ కుక్కకు ఒళ్ళు నొప్పులని ఐబుప్రొఫెన్ ఇస్తే ఇక చెప్పేదేముంది. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద కాపలా కుక్కలను పెంచేవారు దీన్ని ముఖ్యంగా గమనించాలి. జ్వరం ఉన్న కుక్కకు రక్తపరీక్ష ముందు, నొప్పి మందు తర్వాత. గుండెజబ్బుకు ఎనలాప్రిల్, నీరు తీసే ఫ్యూరోసెమైడ్ వాడుతున్న ముసలి కుక్కకైతే నొప్పి మాత్ర మూడో దెబ్బ. ఆ మూడూ కలిసి కిడ్నీకి రక్తం అందకుండా చేస్తాయి.

సోమవారం ఆసుపత్రికి తెచ్చిన లాబ్రడార్‌కు డాక్టరు ఏం చూస్తారు? రక్తంలో క్రియాటినిన్ 4.2 వచ్చిందనుకుందాం. మామూలుగా ఒకటిన్నర లోపు ఉండాలి. యూరియా అంతకన్నా ఎక్కువ పాళ్ళలో పెరిగి ఉంటుంది, ఎందుకంటే పేగుల్లో జీర్ణమైన రక్తం కూడా యూరియాగా మారుతుంది. వీటితో ఆగకుండా మూత్రం చిక్కదనం చూడాలి. ఒళ్ళు ఎండిపోయిన కుక్క మూత్రం చిక్కగా, 1.030 పైన ఉండాలి. ఇక్కడ 1.012 వచ్చింది. నీరు కరువైనా కిడ్నీ నీటిని పట్టుకోలేకపోతోందన్నమాట. మామూలు ఎండదెబ్బకూ కిడ్నీ దెబ్బకూ తేడా ఆ అంకె దగ్గర తెలుస్తుంది. సెలైన్ పెట్టక ముందే ఆ మూత్రం తీసుకోవాలి, పెట్టాక తీస్తే ఆ తేడా తెలియదు. క్రియాటినిన్ పెరగలేదు కదా అని ధీమా పడటానికీ లేదు. కిడ్నీ పనిలో సుమారు ముప్పాతిక పోయాకే అది గట్టిగా పెరుగుతుంది.

వైద్యం తేలిక కాదు. అన్ని నొప్పి మందులూ ఆపి, రెండు మూడు రోజులు సెలైన్ నరం ద్వారా ఎక్కించాలి. ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్, పుండు మీద పొరలా అంటుకునే సుక్రాల్ఫేట్ ఇస్తారు. మిసోప్రోస్టాల్ అనే మందు పోయిన ప్రోస్టాగ్లాండిన్ల స్థానంలో పనిచేస్తుంది. ఆ మాత్రను ఇంట్లో గర్భిణులు చేత్తో ముట్టుకోకూడదు. రక్తం బాగా పోతే ఇంకో కుక్క రక్తం ఎక్కించాలి. మూత్రం ఆగిపోతే మన పట్టణాల్లో చేయగలిగింది తక్కువ. కుక్కలకు డయాలసిస్ దొరికే చోట్లు దేశంలో కొన్నే. ఇంట్లోనే, ఇప్పుడే మాత్రలు మింగేసి ఉంటే మాత్రం గంట రెండు గంటల్లోపు ఆసుపత్రికి చేరిస్తే వాంతి చేయించి, బొగ్గుపొడి మందు పట్టి చాలావరకు కాపాడవచ్చు. ఇంట్లో ఉప్పునీళ్ళు పట్టకండి. అది వేరే ప్రమాదం.

ముందే ఒక ఎసిడిటీ మాత్ర వేస్తే సరిపోతుందని కొందరు నన్నడుగుతుంటారు. సరిపోదు. ఆమ్లం తగ్గినంత మాత్రాన పేగు గోడకూ కిడ్నీకీ రక్షణ రాదు.

మరి ఆ 5, 7 రోజులూ కుక్క నొప్పితో ఉండాలా అంటే అక్కర్లేదు. వేరే దారిలో పనిచేసే మందులున్నాయి. గాబాపెంటిన్ వంటిది, లేదా కాలేయం బాగున్న కుక్కకు దాని బరువుకు లెక్కగట్టిన పారాసిటమాల్‌ను డాక్టరు ఈ ఎడంలో రాస్తారు. ఆ పారాసిటమాల్ వేరే నొప్పి మందుతో కలిసిన మాత్ర కాకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే దాని దగ్గరికి ఆ మాత్ర పోనివ్వకండి, పిల్లికి ఒక్క మాత్ర చాలు చావడానికి. గాబాపెంటిన్ సిరప్ తీసుకుంటే అందులో జైలిటాల్ అనే తీపి లేదని చూసుకోవాలి, అది కుక్కకు విషం. మందులు కాక చేయగలిగినవీ ఉన్నాయి. పాలిష్ పలకల నేల మీద వెనక కాళ్ళు జారకుండా గోనె పట్టాలు పరవండి. పొద్దున, సాయంత్రం చల్లబడ్డాక కొంచెం కొంచెం నడిపించండి. గోరువెచ్చటి గుడ్డతో కాపడం పెట్టండి. లావు కుక్క అయితే నాలుగు కిలోలు తగ్గించినా కీలు మీద ఎంతో తేడా కనబడుతుంది.

ఈ మందులు ఏ జంతువులో ఎలా పనిచేస్తాయో ముందే తెలియదన్న సంగతి మన దేశం రాబందుల దగ్గర నేర్చుకుంది. డైక్లోఫెనాక్ వేసిన పశువు చస్తే, ఆ కళేబరం తిన్న రాబందుల కిడ్నీలు పాడై కోట్ల సంఖ్యలో పోయాయి. 2006లో పశువులకు డైక్లోఫెనాక్‌ను కేంద్రం నిషేధించింది. ఆ తర్వాత 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లను కూడా పశువుల వాడకం నుంచి తీసేసింది. పశువులకు మెలాక్సికామ్ ముందుకు రావడానికి అదీ ఒక కారణం. అయితే రాబందుకు సురక్షితమైనది కదా అని కుక్కకు ఎంతైనా వేయవచ్చనుకోకూడదు. ముందు చెప్పిన సోమవారం మోతాదు దాటితే కుక్క కడుపుకు అదీ పుండే.

కాబట్టి మీ కుక్క కుంటినా, జ్వరం వచ్చినా, ఈ పని ఒక్కటి చేయండి. గత నెల రోజుల్లో దానికి నోట్లో వేసిన మాత్రలు, పొడిచిన సూదులు, పూసిన జెల్లు అన్నిటి పేర్లూ, తేదీలూ, పూటలూ ఒక కాగితం మీద రాసుకోండి. ఖాళీ అట్టలు, సీసాలు పారేయకుండా సంచిలో వేసుకోండి. డాక్టరు అడిగేదాకా ఆగకుండా ఆ సంచి బల్ల మీద పెట్టి, మొదటి మందు ఒంట్లో ఇంకా ఉందా, ఎన్ని రోజులు ఆగాలి అని మీరే అడగండి.